నేను వద్దన్న పేజీలు

నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత మా నాయన బడి మాన్పించి బర్లకాడికి తోలాడు. అయినా కాగితం అంటే నాకు ఎన్నడూ భయం లేదు. శంషాబాద్‌లో విమానాశ్రయం కడతారన్న మాట మొదలైన నాటి నుంచి మా ఇంటికి వచ్చినన్ని నోటీసులు మా చుట్టాల పెళ్లిపత్రికలు కూడా వచ్చి ఉండవు. మగవాళ్లు పైపైన చూసి సంతకం పెట్టేవారు. నేను గడపలో కూర్చుని వేలు పెట్టి చదివేదాన్ని. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు. ఒకసారి ఉత్తరం హద్దులో మా బాట బదులు పక్కవాళ్ల మెట్టచెలక పేరు రాసి ఉంటే పట్టింది నేనే. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ కాగితమైనా నా వేలు కింద నుంచి పోవాల్సిందే. ఆ గర్వం నాకు బాగా ఉండేది. ఉండేది అనే రాస్తున్నాను.

నా కొడుకు విమానాశ్రయం కాడ కిరాయి కారు నడుపుతాడు. కోడలు ఇంటిపని, బర్రెపని చూసుకుంటుంది. వాళ్లకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ పూర్తిచేసి సరుకుల విమానాల గోదాములో షిఫ్టు ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి అత్తాపూర్‌లో కోచింగ్‌కు పోయేది. సర్కారు కొలువు కావాలని దాని పట్టు. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్దిలో పోయింది. మూడోసారి నోటిఫికేషన్ వచ్చిన సంగతే నేను చెప్పబోయేది.

ఆ రోజు అది ఫోను పట్టుకుని ఉరుకొచ్చింది.

"నానమ్మా, వచ్చింది! కేంద్ర సర్కారు క్లర్కు పోస్టులు. మా కోచింగోళ్లు గ్రూపుల పెట్టిండ్రు."

చూపించింది. ఒకే ఒక్క పేజీ. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో ఖాళీలు ఎన్నో, కింద ఆఖరి తేదీ, దాని కింద డిగ్రీ చాలు అని, అన్నిటికంటే పెద్దగా కోచింగ్ వాళ్ల ఫోన్ నంబరు.

"ఇది నోటిఫికేషన్ కాదు, వాళ్ల దుకాణం బోర్డు," అన్నాను. "అసలు కాగితం ఏదీ?"

"అసలుది మస్తు పొడుగుంటది నానమ్మా. గీ దాంట్ల అన్నీ ఉన్నయి కదా."

"పొలం కొనేటప్పుడు బ్రోకర్ చెప్పింది విని డబ్బులిస్తమా? దస్తావేజు చూస్తమా? పోయి అసలుది తీసుకరా."

మా ఇంటి కాడి నుంచి మెయిన్ రోడ్డు మీదికి వస్తే ఒక జిరాక్స్ దుకాణం ఉంది. దాంట్లోనే మీసేవ కూడా. ఇద్దరం పోయాము. దుకాణం నడిపే మనిషి మా ఊరివాడే, వాడి చిన్నప్పటి నుంచి నన్ను ఎరుగును. నోటిఫికేషన్ సర్కారు వెబ్‌సైట్ నుంచి తీసి కంప్యూటర్‌లో తెరిచాడు. పేజీలు కిందికి జరుపుతూ పోతుంటే అవి ఒడవడమే లేదు.

"అవ్వా, గిది మొత్తం తీయాల్నా?" అన్నాడు.

నేను తెర మీదికి వంగి చూశాను. మొదటి పేజీలన్నీ నిండుగా రాసి ఉన్నాయి. నడుమ సిలబస్ ఉంది. ఆ వెనక పేజీలు మాత్రం చుక్కల గీతలు, ఖాళీలు, ఫోటో అంటించే డబ్బాలు. సర్టిఫికెట్ల నమూనాలట, ఒకదాని వెనక ఒకటి ఎన్నో ఉన్నాయి.

"ఈ ఖాళీ ఫారాలు ఎందుకు? రాసి ఉన్నకాడికి తియ్యి."

"మొత్తం తీసుకోరాదు అవ్వా, ఫైలు నిండుగ ఉంటది," అని నవ్వాడు.

"నీ గల్లా నిండుగ ఉంటది. రాసి ఉన్నకాడికే తియ్యి."

నా మనవరాలు కూడా నవ్వింది. "మా నానమ్మతోని పెట్టుకోకన్నా," అంది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పుడు అది నా తెలివి చూసి మురిసి నవ్విందనుకున్నాను.

ఇంటికొచ్చి మూడు రోజులు చదివాము. అది షిఫ్టు నుంచి వచ్చి అన్నం తిన్నాక వాకిట్లో పీట వేసుకుని కూర్చునేది. కాగితం ఇంగ్లీషులో ఉంది. అది ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాలి, నేను అడగాలి, జవాబు కాగితంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపాలి. పాత క్యాలెండర్ పేజీ వెనక వైపు గీతలు గీసి, ముఖ్యమైనవి దాని చేత తెలుగులో రాయించాను.

మొదట తేదీలు. దరఖాస్తుకు ఆఖరి రోజు ఒకటి, ఫీజు కట్టడానికి ఆఖరి రోజు ఇంకొకటి. ఆడపిల్లలకు ఫీజు లేదని ఉంటే నాకు సంతోషం అయింది. తప్పులు దిద్దుకోవడానికి రెండు రోజుల గడువు వేరే. ఆ గడువు దాటితే ఒక్క అక్షరం మార్చరట. పరీక్ష ఏ నెలలో అన్నది మాత్రమే రాశారు, తేదీ తర్వాత వెబ్‌సైట్‌లో పెడతారట, ఎవరికీ ఉత్తరం రాదట.

"మరి ఎవరు చెప్తరు?"

"ఎవరూ చెప్పరు. మనమే చూసుకుంటుండాలె."

"రాయి. ప్రతి సోమవారం చూడాలె అని రాయి."

తర్వాత దశలు. మొదట కంప్యూటర్ మీద ఒక పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకు రెండో పరీక్ష, ఆపైన టైపింగ్, చివర సర్టిఫికెట్ల తనిఖీ. మొదటి పరీక్ష మార్కులు లెక్కలోకి రావు, రెండోదానికి పిలవడానికే అవి. ఆఖరి జాబితా రెండో పరీక్ష మార్కుల మీదే. టైపింగ్‌లో పాసయితే చాలు, దాని మార్కులు కలపరు. తప్పు జవాబుకు కోత ఉంది. మొదటి పరీక్షకు ఒక కోత, రెండోదానికి ఇంకొక కోత. కోచింగ్ వాళ్ల పేజీలో ఈ రెండో కోత లేదు.

"చూసినవా మీ కోచింగోళ్ల తెలివి?" అన్నాను.

ఖాళీల కాడ పెద్ద అంకె చూసి మురవద్దని చెప్పాను. కింద చిన్న అక్షరాల్లో ఈ ఖాళీలు తాత్కాలికం, పెరగవచ్చు తగ్గవచ్చు అని ఉంది. కులాల వారీగా విడగొట్టి ఉంది. మేము ఓసీలం. పేద ఓసీలకు ఇచ్చే రిజర్వేషన్ వరుసలో ఉన్న అంకె మాది. ఆ అంకె చిన్నదే, కానీ జనరల్‌లో పోటీ దారుణమని, పోయిన రెండుసార్లూ ఈ రిజర్వేషన్ వల్లే అంత దూరం వచ్చానని మనవరాలు చెప్పింది.

వయసు కాడ అది చదవడం ఆపి వేళ్ల మీద లెక్క చూసుకుంది.

"ఏంది?"

"ఇరవై ఏడు దాటొద్దు నానమ్మా. లెక్క ఏ రోజుకు చూస్తరో రాసిండ్రు. నాకు ఆ రోజుకు ఇరవై ఆరు నిండి పదకొండు నెలలు."

"మన రిజర్వేషనోళ్లకు ఎక్కువ ఏండ్లు ఇయ్యరా?"

"ఇయ్యరు. బీసీలకు, ఎస్సీలకు ఇస్తరు. మనకు వయసుల సడలింపు లేదు."

అంటే అదే ఆఖరు. ఈ కొలువులకు వచ్చే ఏడాది దానికి అర్హత లేదు. నేను క్యాలెండర్ కాగితం మీద ఆ వరుస కింద గట్టిగా గీత కొట్టించాను. ఇంకా గట్టిగా చదవమన్నాను. డిగ్రీ ఏ తేదీకల్లా చేతిలో ఉండాలి, రిజర్వేషన్ అర్హత ఏ తేదీకి చూస్తారు, అన్నీ అడిగాను. అర్హతకు దరఖాస్తు ఆఖరి రోజే లెక్క అని ఉంది. రిజర్వేషన్ సర్టిఫికెట్ ఆ ఏడాదిది, వెనక ఇచ్చిన నమూనాలో ఉండాలి అని కూడా ఉంది.

"నమూనా అంటే?"

"ఫారం నానమ్మా. మీసేవల అదే ఫారం వస్తది. పోయినసారి కూడా అదే."

"అయితే సరే," అన్నాను.

నేను అన్న ఆ రెండు మాటల గురించే ఈ రాత అంతా.

సర్టిఫికెట్ కోసం మళ్లీ ఆ దుకాణానికే పోయాము. "పోయినసారి వివరాలే కదా అవ్వా?" అన్నాడు మీసేవ మనిషి. అవే అన్నాను. ఆదాయం మారలేదు, కారు ఒక్కటే, పొలం రెండెకరాల చెలక. వాడు పాతదాని ప్రకారం నింపాడు. ఒక డిక్లరేషన్ కాగితం ఇస్తే, పోయినసారిదే కదా అని చదవకుండానే మనవరాలు, నా కొడుకు సంతకాలు పెట్టారు. తహసీల్ ఆఫీసు నుంచి విచారణకు వచ్చిన ఆయన పొలం పాసుబుక్కు అడిగాడు, చూపించాను. ఇల్లు చూశాడు, మజ్జిగ తాగాడు, పోయాడు. ఆయన అడిగిందే చెప్పాము. అడగనిది మాకు తోచలేదు. సర్టిఫికెట్ వచ్చాక పేరు, తండ్రి పేరు, ఏడాది, ముద్ర చూసుకుని పెట్టెలో పెట్టాను.

అడగనిది ఏమిటో చెప్పాలి. మహేశ్వరం వైపు మాకు ఉన్న కొంత చెలకను అంతకు కొన్నేళ్ల ముందు అమ్మాము. ఆ డబ్బు కొడుకు చేతిలో పెడితే ఇంకో కారు, ఆ కారుకు ఇంకో అప్పు. అందుకని నేనే మా పక్క ఊళ్లో నూటయాభై గజాల జాగా కొని మనవరాలి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించాను. నా పేరు మీద ఉంచుకోమని ఊళ్లో అందరూ అన్నారు. నేను వినలేదు. నేను ఇయ్యాళో రేపో పోయేదాన్ని, నా పేరు మీద ఉంటే రేపు కొడుకు అమ్ముతాడు, దాని పేరు మీద ఉంటే ఎవడూ కదపలేడు అన్నాను. అది పంచాయతీ ఊరు. తర్వాత ఆ ఊరిని మున్సిపాలిటీలో కలిపారు. ఆ రోజు నేనే అందరికంటే ఎక్కువ మురిశాను. మున్సిపాలిటీ అయితే రోడ్డు పడుతుంది, నల్లా వస్తుంది, రేటు పెరుగుతుంది అని.

మనవరాలు మొదటి పరీక్ష నెగ్గింది. రెండోది నెగ్గింది. మార్కులు వచ్చిన రోజు చూస్తే, మా రిజర్వేషన్‌కు పెట్టిన కటాఫ్ కంటే నాలుగు మార్కులు ఎక్కువ, జనరల్ కటాఫ్‌కు ఆరు మార్కులు తక్కువ. ఆ లెక్క అది నాకు రెండుసార్లు విడమరిచి చెప్పింది. టైపింగ్ కోసం గోదాములో తీరిక దొరికినప్పుడల్లా కంప్యూటర్ ముందు కూర్చునేదట. అదీ పాసయింది. ఇక మిగిలింది సర్టిఫికెట్ల తనిఖీ. నా కోడలు అప్పటికే చుట్టాలకు ఫోన్లు మొదలుపెట్టింది. నేనే తిట్టి ఆపాను.

తనిఖీకి రమ్మన్న నోటీసులో సర్టిఫికెట్లన్నీ నోటిఫికేషన్‌లోని నమూనాల ప్రకారం ఉన్నాయో లేదో చూసుకుని తెమ్మని ఉంది. మా కట్టలో నమూనాలు లేవు. మనవరాలు పొద్దున షిఫ్టు నుంచి వస్తూ దుకాణంలో ఆ పేజీలు తీయించుకుని వచ్చింది. నేను వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. అది గడప మీద కూర్చుని ఒక చేతిలో మన సర్టిఫికెట్, ఒక చేతిలో నమూనా పట్టుకుని వరుస వెంట వరుస చూస్తోంది. నడుమ ఆగింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"నానమ్మా, మన జాగ ఎన్ని గజాలు?"

"నూటయాభై. ఎందుకే?"

కాగితం కింద పెట్టి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏంది బిడ్డా? చెప్పు."

"ఈ కుటుంబానికి గీ ఆస్తులు ఏవీ లేవని రాసి ఉన్నది నానమ్మా. ఐదెకరాల పొలం. వెయ్యి అడుగుల ఫ్లాటు. మున్సిపాలిటీలైతే వంద గజాలు, ఆపైన జాగ. మున్సిపాలిటీ కాని ఊళ్లల్లైతే రెండొందల గజాలు." చదువుతుంటే దాని గొంతు మామూలుగానే ఉంది. "వీటిల ఒక్కటున్నా ఆదాయం ఎంత తక్కువున్నా గీ రిజర్వేషన్ రాదు."

"మనది పంచాయతీ కదా?"

"మున్సిపాలిటీల కలిసింది కదా నానమ్మా. కలిసినంక నేను దరఖాస్తు పెట్టిన."

పోయిన రెండుసార్లూ ఆ ఊరు పంచాయతీయే. రెండొందల గజాల లోపే కాబట్టి అప్పటి సర్టిఫికెట్ న్యాయమైనదే. ఈసారి గజాలు మారలేదు, జాగా కదలలేదు. గీత మాత్రం మారింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆ గజాల మాట రాసి ఉన్న పేజీ మేము తీయించలేదు, సర్టిఫికెట్ మీద అదే రాసి ఉన్నా పేరు, ఏడాది, ముద్ర తప్ప నేను చూడలేదు.

నేను వెంటనే లేచాను. "పా, రిజిస్ట్రార్ ఆఫీసుకు పోదం. నా పేరు మీదికి రాపిచ్చుకుంట. ఇయ్యాళే."

"ఇప్పుడు రాపిస్తే ఏం లాభం? అర్హత దరఖాస్తు ఆఖరి రోజుకు చూస్తరు. ఆ రోజు జాగ నా పేరు మీదనే ఉండె. నువ్వే రాపిచ్చినవు ఆ వరుస."

రాయించాను. క్యాలెండర్ వెనక ఉంది.

తర్వాత అది నమూనా కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివింది. చదవకపోయి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కుటుంబం అంటే ఎవరెవరో అక్కడ రాశారు. దరఖాస్తు పెట్టినవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, పద్దెనిమిదేండ్ల లోపు తోబుట్టువులు, భార్యో భర్తో, పద్దెనిమిది లోపు పిల్లలు. అంతే.

"నానమ్మ లేదా?" అన్నాను.

"లేదు."

"అంటే జాగ నా పేరు మీద ఉంటే?"

"నువ్వు లెక్కల లేవు నానమ్మా. నీకు పది జాగలున్నా నాకు ఏం కాకపోవు."

అది నన్ను నిందిస్తూ అనలేదు. కాగితంలో ఉన్నది చెప్పింది. చింతపండు చేతులతో నేను అట్లాగే నిలబడ్డాను.

మధ్యాహ్నం నా కొడుకు ఇంటికొచ్చాడు. సంగతి విని కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "సర్టిఫికెట్ చేతిల ఉన్నది కదా. ముద్ర ఉన్నది, సంతకం ఉన్నది. గా జాగ సంగతి ఆఫీసుల ఎవనికి తెలుస్తది? నోరు మూసుకుని పోయి చూపిచ్చి రా," అన్నాడు.

"సంతకం నాది నాయినా," అంది మనవరాలు. "తెలువక పెట్టిన. ఇప్పుడు తెలిసి ఎట్ల చూపియ్యాలె?"

"తెలువదనే అనుకో!"

"ఎట్ల అనుకోవాలె? తప్పుడు వివరం ఇస్తే ఏ దశలనైనా తీసేస్తరట. ఉద్యోగంల చేరినంక కూడా తీసేస్తరట, కేసు కూడా పెడతరట. రిజిస్ట్రేషన్ నా పేరు మీదున్నది, ఆధార్ నంబరు ఉన్నది. పదేండ్లకైనా ఒకడు అర్జీ పెడితే?"

కోడలు వంటింట్లో నుంచి వింటోంది. ఆమె నాకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు గడప కాడికి వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, పిల్లది పేజీలన్నీ తీస్తనన్నదా లేదా ఆనాడు?"

"అనలేదు," అంది మనవరాలు వెంటనే. "నేనూ తీయమనలేదమ్మా. నవ్విన."

"నువ్వు ఊకో. నీ మీదికి తీసుకోకు. మీసేవ పిల్లగాడు మొత్తం తీయమంటే వద్దన్నది ఎవరు? జాగ ఎవరి పేరు మీద పెట్టాల్నో ఊరంత చెప్తే విననిది ఎవరు? ఈ ఇంట్ల ప్రతి కాగితం మీ వేలు కింద నుంచే పోతది కదా అత్తమ్మా. మరి గిదెట్ల పోయింది?"

నలభై ఏండ్లలో ఆమె నన్ను అడిగిన న్యాయమైన ప్రశ్న అదొక్కటే అని అప్పుడు అనిపించింది. ఆమె పెళ్లయి ఇంటికొచ్చి నలభై కాలేదు, ముప్పై కూడా కాలేదు. ఆ ఘడియలో నాకు లెక్క కూడా తప్పింది.

దాచకూడని సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని కూడా రాస్తాను. ఊళ్లో నన్ను కఠినం మనిషి అంటారు. పావు సేరు పాలలో నీళ్లు కలిపినా పట్టుకుని అడిగేదాన్ని. ఆ సాయంత్రం నేను మనవరాలి పక్కన కూర్చుని, "మీ నాయిన చెప్పినట్టే చెయ్యి బిడ్డా. చూపియ్యి. పాపమంటే నాకు రానీ," అన్నాను.

అది నా దిక్కు చూసిన చూపు నేను మరచిపోలేదు. తన చిన్నతనం నుంచి నన్ను ఎరిగిన మనిషి, అప్పుడే కొత్తగా చూసినట్టు చూసింది.

"నువ్వు గిట్ల అంటవనుకోలే నానమ్మా," అంది.

మర్నాడు పొద్దున అది ఒక తెల్లకాగితం మీద ఇంగ్లీషులో అర్జీ రాసింది. రిజర్వేషన్ అర్హత తనకు లేదని ఇప్పుడే తెలిసిందని, ఆ హక్కు వదులుకుంటున్నానని, జనరల్‌లో చూడమని. నాకు చదివి వినిపించలేదు. నేనే అడిగి చెప్పించుకున్నాను.

తనిఖీ నగరం నడుమ ఒక ఆఫీసులో. నేనూ వెంట పోయాను, వద్దన్నా పోయాను. ఆరాంఘర్ దాటి బస్సు పోతున్నంతసేపు అది కిటికీలో నుంచే చూస్తోంది. ఆఫీసు వరండాలో పిల్లలు, తల్లిదండ్రులు, ఫైళ్లు. ఒకాయన తన కొడుకు ఫైలులో కాగితాలు అటూ ఇటూ మారుస్తూ చెమటలు తుడుచుకుంటున్నాడు. ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు, అందరిదీ ఏం మరిచామో అన్న భయమే.

లోపలికి నన్ను రానివ్వలేదు. తలుపు తెరిచే ఉంది, బల్లకాడ కూర్చున్న ఆఫీసరమ్మ కనిపిస్తోంది. నా మనవరాలి పదో తరగతి మెమో చూసింది, డిగ్రీ చూసింది, తల ఊపింది. తర్వాత చేయి చాపింది. నా మనవరాలు సర్టిఫికెట్ ఇవ్వలేదు, అర్జీ ఇచ్చింది. ఆఫీసరమ్మ అది చదివి కళ్లద్దాలు తీసి కాసేపు దాని ముఖంలోకి చూసింది. ఏదో అడిగింది. మనవరాలు ఏదో చెప్పింది. ఆమె అర్జీ మీద సంతకం పెట్టించుకుని ఫైలులో పెట్టుకుంది. అంతా కలిపి మా బర్రె పాలు పిండేంత సేపు కూడా పట్టలేదు.

బయటికి వచ్చాక అడిగాను, "ఏమన్నదే?"

"ముందే ఎందుకు చూసుకోలే అన్నది."

"నువ్వేమన్నవు?"

"ఆ పేజీలు తీయలేదు మేడమ్ అన్న."

"నా పేరు చెప్పినవా?"

"నీ పేరెందుకు చెప్త నానమ్మా? నోటిఫికేషన్ నాది. పరీక్ష నాది. చదవాల్సింది నేను."

నా మీద కోపం చూపిస్తే మోయగలిగేదాన్ని. అది చూపించలేదు.

ఆఖరి జాబితా వచ్చినప్పుడు దాని నంబరు లేదు. జనరల్‌లో ఆరు మార్కుల తేడా తేడాగానే ఉంది, ఎవరూ అద్భుతం చేయలేదు. జాగా అమ్మి ఆ డబ్బు నీకే ఇస్తానంటే, "అమ్మి ఏం చేస్తవు? కొలువు పోయింది. జాగ కూడా ఎందుకు పోవాలె?" అంది. ఆ మాటలో తప్పు లేదు. జాగా ఇప్పటికీ దాని పేరు మీదే ఉంది. ముందు రోడ్డు పడింది, నల్లా వచ్చింది, రేటు కూడా పెరిగింది. ఆ దారిన పోవాల్సి వస్తే నేను చుట్టు తిరిగి పోతున్నాను.

కోడలు ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ కరెంటు బిల్లు వస్తే ఇప్పుడు నాకు ఇవ్వదు, కొడుకుకే ఇస్తుంది. నేను అడగను.

మొన్న రాష్ట్ర సర్కారు కొలువులకు నోటిఫికేషన్ వచ్చింది. వాటికి వయసు ఇంకా ఉందట, చాలా ఏండ్లు ఉందట. ఈసారి రిజర్వేషన్ పెట్టేది లేదని, జనరల్‌లోనే రాస్తానని అది తల్లితో చెబుతుంటే విన్నాను. సెలవు రోజు వాకిట్లో పీట వేసుకుని కాగితాల కట్ట ముందు పెట్టుకుంది. లావుగా ఉంది కట్ట. నేను అలవాటుగా పోయి పక్కన కూర్చోబోయాను.

"నువ్వు లోపట కూసో నానమ్మా. నేను చదువుకుంట," అంది. మెల్లగానే అంది.

లోపలికి వచ్చాను. అది చదివేది వినిపిస్తూనే ఉంది. ఒక్కో వాక్యం పైకి చదువుతుంది, ఆగుతుంది, తనే అడుగుతుంది, తనే వెతికి జవాబు చెప్పుకుంటుంది. నేను అడిగేవే ఆ ప్రశ్నలు. ఒకచోట తేదీ దగ్గర అడగాల్సినది ఒకటి వదిలేసినట్టు నాకు అనిపించింది. నోటి దాకా వచ్చింది. పలకలేదు.

కాసేపటికి పేజీలు వెనక్కి తిప్పి ఆ తేదీ వరుసను కూడా చదివింది.